‘బాడుగ ఇకపై ఈ అకౌంటుకు వేయండి’ అని ఓనర్ నుంచి మెసేజ్ వచ్చిందా? నిజమో కాదో ఇలా తేల్చుకోండి

నెల మొదటి వారం. ఇంటి ఓనర్ ఫొటో ఉన్న వాట్సాప్ నంబర్ నుంచి మీకో మెసేజ్ వచ్చింది. పాత బ్యాంకు ఖాతా పనిచేయడం లేదని, ఈ నెల నుంచి అద్దె కొత్త ఖాతాకు వేయాలని అందులో ఉంది. కింద ఖాతా నంబర్, ఐఎఫ్‌ఎస్‌సీ, ఒక క్యూఆర్ కోడ్ కూడా ఉన్నాయి. మీరేం చేస్తారు?

చాలామంది వెంటనే డబ్బు పంపేస్తారు. ఎందుకంటే ఇలాంటి మెసేజ్‌లు నిజంగానే వస్తుంటాయి. ఓనర్లు ఖాతాలు మార్చుకుంటారు, బ్యాంకులు విలీనమవుతాయి, ఇల్లు అమ్ముడుపోతుంది. ఈ మోసానికి బలం కూడా అక్కడే ఉంది. లాటరీ తగిలిందని చెప్పే మెసేజ్‌ను ఎవరైనా అనుమానిస్తారు. అద్దె మాత్రం మీరు ఎలాగూ కట్టాల్సిన డబ్బు. మోసగాడు మిమ్మల్ని కొత్తగా ఏ ఆశకూ లోను చేయనక్కర్లేదు. మీరు పంపబోయే డబ్బును దారి మళ్లిస్తే చాలు.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం లాంటి ఊళ్లలో అద్దెకు ఉండేవాళ్లు ఈ విషయంలో ఏం తెలుసుకోవాలి? ఖాతా నిజంగానే మార్చుకున్న ఓనర్ ఆ సంగతి ఎలా చెప్పాలి? ఒక్కొక్కటిగా చూద్దాం.

ఖాతా నిజంగా ఎప్పుడు మారుతుంది?

శ్రీ సత్యసాయి జిల్లాలో ఇందుకు ఈమధ్య కాలంలోనే పెద్ద ఉదాహరణ ఉంది. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఎంతోమందికి ఖాతాలున్న ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకు 2025 మే 1 నుంచి ఆ పేరుతో లేదు. ‘ఒక రాష్ట్రం, ఒక గ్రామీణ బ్యాంకు’ విధానంలో భాగంగా రాష్ట్రంలోని నాలుగు గ్రామీణ బ్యాంకులను కలిపి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకుగా మార్చారు. కెనరా బ్యాంకు స్పాన్సర్‌గా ఉన్న ప్రగతి గ్రామీణ బ్యాంకు శాఖలు ఈ మార్పుతో యూనియన్ బ్యాంకు స్పాన్సర్‌గా ఉన్న కొత్త బ్యాంకు కిందికి వచ్చాయి.

దీనికి ముందు 2020 ఏప్రిల్ 1న సిండికేట్ బ్యాంకు కెనరా బ్యాంకులో, ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో విలీనమయ్యాయి. SYNB అని మొదలయ్యే సిండికేట్ ఐఎఫ్‌ఎస్‌సీలు 2021 జూలై 1 నుంచి చెల్లకుండా పోయాయి. వాటి స్థానంలో CNRB అని మొదలయ్యే కోడ్‌లు వచ్చాయి. అప్పట్లో ఓనర్లు ఫోన్ చేసి ‘కోడ్ మారింది, కొత్తది రాసుకోండి’ అని చెప్పడం మీకూ గుర్తుండే ఉంటుంది.

ఇక్కడ ఒక్క విషయం పట్టుకోండి. విలీనం జరిగితే బ్యాంకు పేరు మారుతుంది, ఐఎఫ్‌ఎస్‌సీ మారొచ్చు, కొన్ని సందర్భాల్లో ఖాతా నంబర్ కూడా మారొచ్చు. ఖాతాదారు పేరు మాత్రం మారదు. ‘బ్యాంకు విలీనమైంది కాబట్టి కొత్త ఖాతాకు వేయండి’ అని రాసి, కింద మరెవరి పేరుతోనో ఖాతా ఇస్తే ఆ మెసేజ్ తనకు తానే అడ్డం తిరిగినట్టు. బ్యాంకులు కలిసిపోయినంత మాత్రాన మీ ఓనర్ ఖాతా ఇంకొకరి పేరు మీదికి వెళ్లదు.

పేరు మారే సందర్భాలు వేరే ఉంటాయి. ఓనర్ చనిపోయి ఇల్లు పిల్లలకు రావచ్చు. ఇల్లు అమ్మేయవచ్చు. వయసు పైబడి అద్దెల వ్యవహారం కూతురికో కొడుక్కో అప్పగించవచ్చు. ఇవన్నీ మామూలుగా జరిగేవే. అయితే వీటిలో ఏదీ ఒక్క వాట్సాప్ మెసేజ్‌తో తేలిపోయేది కాదు. వీటి సంగతి కాసేపట్లో చూద్దాం.

నకిలీ మెసేజ్ ఎలా ఉంటుంది?

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. హిందూపురంలో ఆరు పోర్షన్ల ఇల్లు. ఒక్కో పోర్షన్‌కు అద్దె రూ.8,500. ఓనర్ రిటైరయ్యాక బెంగళూరులో కొడుకు దగ్గర ఉంటున్నారు. అద్దె ప్రతి నెలా 5లోగా ఆయన ఖాతాలో పడాలి. మూడో తేదీ సాయంత్రం అద్దెదారులకు ఇలా మెసేజ్ వచ్చింది:

“నమస్తే. నా పాత నంబర్ పోయింది, ఇది కొత్త నంబర్. ఐటీ ఆడిట్ వల్ల పాత అకౌంట్ ఫ్రీజ్ అయింది. ఈ నెల అద్దె కింది అకౌంటుకు ఈ రోజే వేసి స్క్రీన్‌షాట్ పంపండి. అకౌంట్ మా బావమరిది పేరుతో ఉంది, కంగారు పడొద్దు. హాస్పిటల్‌లో ఉన్నాను, కాల్ చేయొద్దు, మెసేజ్ చేయండి.”

ఇందులో ప్రతి వాక్యానికీ ఒక పని ఉంది. మీరు సేవ్ చేసుకున్న నంబర్‌కు ఫోన్ చేయకుండా ఉండటానికి ‘నంబర్ మారింది’ అన్నారు. పాత ఖాతాకు వేయకుండా ఉండటానికి ‘ఫ్రీజ్ అయింది’ అన్నారు. పేరు తేడాగా కనిపిస్తే మీరు ఆగిపోకుండా ముందే బావమరిది కథ చెప్పారు. గొంతు వినిపించకుండా ఉండటానికి ఆస్పత్రి. ఆలోచించే టైమ్ ఇవ్వకుండా ‘ఈ రోజే’. మీరు సరిచూసుకోవడానికి ఉన్న దారులన్నీ ఒక్కొక్కటిగా మూసేయడమే ఈ మెసేజ్ పని. మాటలు మారవచ్చు, వరస మాత్రం దాదాపు ఇదే ఉంటుంది.

ఆరుగురూ నమ్మితే మోసగాడికి ఒక్క సాయంత్రంలో రూ.51 వేలు. అందుకే ఒక్కరికి కాకుండా ఇంట్లో అందరికీ పంపుతారు.

ఓనర్ ఎవరో, అద్దెకు ఎవరున్నారో వాళ్లకెలా తెలుస్తుంది? పెద్దగా కష్టపడక్కర్లేదు. గేటుకు వేలాడే టు-లెట్ బోర్డు మీద ఓనర్ నంబర్ ఉంటుంది. ఇళ్లు అద్దెకిచ్చే వెబ్‌సైట్లలో ఇంటి ఫొటో, అద్దె, అడ్వాన్స్ అన్నీ ఉంటాయి. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒకరు అద్దె కట్టిన స్క్రీన్‌షాట్ పెడతారు. ఓనర్ ప్రొఫైల్ ఫొటోను సేవ్ చేసుకుని ఇంకో నంబర్‌కు పెట్టుకోవడం నిమిషం పని.

మెసేజ్ ఓనర్ పాత నంబర్ నుంచే వచ్చినా ఢోకా లేదనుకోవద్దు. ఆరంకెల వెరిఫికేషన్ కోడ్ ఎవరికైనా చెప్పేస్తే ఆ వాట్సాప్ వాళ్ల చేతికి వెళ్లిపోతుంది. అప్పుడు మెసేజ్ మీ పాత చాట్‌లోనే, గత నెల ‘అద్దె అందింది’ అన్న మాట కిందే కనిపిస్తుంది. కాబట్టి మెసేజ్ ఎక్కడి నుంచి వచ్చిందన్నది ఒక్కటే చూస్తే సరిపోదు.

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలోని కియా ప్లాంటులో, దాని చుట్టూ వచ్చిన అనుబంధ కంపెనీల్లో పనిచేయడానికి ఇతర ప్రాంతాల నుంచి వచ్చి ఉంటున్నవాళ్లకు ఇంకో చిక్కు ఉంటుంది. ఇల్లు బ్రోకర్ చూపిస్తాడు, తాళాలు కేర్‌టేకర్ ఇస్తాడు, ఓనర్‌ను ఒక్కసారి కూడా చూడకపోవచ్చు. గొంతు గుర్తుపట్టే అవకాశమే ఉండదు. మీ పరిస్థితి అదే అయితే, ఏదైనా మెసేజ్ రాకముందే కేర్‌టేకర్ ద్వారా ఓనర్‌తో ఒకసారి మాట్లాడి పెట్టుకోండి. అగ్రిమెంట్‌లో ఓనర్ ఫోన్ నంబర్, అద్దె వేయాల్సిన ఖాతా నంబర్ రాయించుకోండి.

డబ్బు పేరును చూసి వెళ్లదు, నంబర్‌ను చూసి వెళ్తుంది

బ్యాంకు యాప్‌లో కొత్త ఖాతాను చేర్చేటప్పుడు పేరు, ఖాతా నంబర్, ఐఎఫ్‌ఎస్‌సీ అడుగుతుంది. మీరు అక్కడ ఓనర్ పేరు టైప్ చేస్తారు. ఆ పేరు, ఆ నంబర్ ఒకరివి కాకపోతే బ్యాంకు ఆపేస్తుందని చాలామంది నమ్మకం. కానీ నెఫ్ట్, ఆర్‌టీజీఎస్‌లలో డబ్బు జమ అయ్యేది ఖాతా నంబర్ ఆధారంగానే. మీరు టైప్ చేసిన పేరు మీ జాబితాలో మీ గుర్తు కోసం మాత్రమే ఉంటుంది. ‘ఓనర్ సార్’ అని రాసినా డబ్బు వెళ్తుంది.

ఈ లోటు తీర్చడానికి రిజర్వ్ బ్యాంకు 2024 డిసెంబర్ 30న ఒక ఆదేశం ఇచ్చింది. నెఫ్ట్, ఆర్‌టీజీఎస్ చేసేవారికి డబ్బు పంపకముందే అవతలి ఖాతాదారు పేరు చూసుకునే వీలు 2025 ఏప్రిల్ 1 నాటికి కల్పించాలని బ్యాంకులకు చెప్పింది. దీనికి ఛార్జీ లేదు. ఖాతా నంబర్, ఐఎఫ్‌ఎస్‌సీ ఇస్తే అవతలి బ్యాంకు రికార్డుల్లో ఉన్న పేరు మీకు కనిపిస్తుంది. నెట్ బ్యాంకింగ్ లేనివాళ్లు శాఖకు వెళ్లి కూడా అడగవచ్చు.

యూపీఐలో ఇలా పేరు కనిపించడం ముందు నుంచీ ఉంది. అయితే ఒకప్పుడు కొన్ని యాప్‌లు మీ ఫోన్‌లో సేవ్ చేసుకున్న పేరునో, అవతలివాళ్లు తామే పెట్టుకున్న పేరునో చూపించేవి. 2025 జూన్ 30 నుంచి బ్యాంకు రికార్డుల్లో ఉన్న పేరునే చూపించాలని ఎన్‌పీసీఐ యాప్‌లకు నిబంధన పెట్టింది. క్యూఆర్ కోడ్ స్కాన్ చేసినా సరే, పిన్ కొట్టే ముందు తెరమీద వచ్చే ఆ పేరును ఆగి చదవండి.

దీనికీ ఒక పరిమితి ఉంది. పేరు కలవకపోతే ఆగాలి, అది ఖాయం. కలిసినంత మాత్రాన ఆ ఖాతా ఓనర్‌దేనని రుజువు కాదు. మన దగ్గర ఒకే పేరు పదిమందికి ఉంటుంది. బ్యాంకు రికార్డుల్లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, కొన్నిసార్లు అసలే ఉండదు. ఉమ్మడి ఖాతా అయితే మీకు తెలిసిన ఓనర్ పేరు కాకుండా వాళ్లింట్లో వేరొకరి పేరు ముందు కనిపించవచ్చు. కాబట్టి పేరు చూసుకోవడం అవసరమే గానీ, అక్కడితో పని అయిపోలేదు.

మూడు అడుగుల్లో తేల్చుకోవడం ఎలా?

మొదటిది, పాత దారిలో అడగండి. మెసేజ్‌లో ఇచ్చిన నంబర్‌కు కాదు, మీ దగ్గర ముందు నుంచీ ఉన్న నంబర్‌కు ఫోన్ చేయండి. వాట్సాప్ కాల్ కాకుండా మామూలు కాల్ చేయండి. అగ్రిమెంట్ మీద ఉన్న నంబర్ అయినా సరే. ఆ ఊళ్లోనే ఉంటే ఇంటికి వెళ్లి అడగడం ఇంకా మంచిది. ఫోన్‌లో, ‘సార్, బాడుగ కొత్త అకౌంటుకు వేయమని మెసేజ్ వచ్చింది, మీరే పంపినారా?’ అని సూటిగా అడగండి. గొంతు మీద అనుమానం ఉంటే మీ ఇద్దరికే తెలిసిన సంగతి ఒకటి అడగండి. అడ్వాన్స్ ఎంత ఇచ్చారు, మోటార్ ఎప్పుడు బాగుచేయించారు, ఇలాంటివి. కొత్త ఖాతా నంబర్‌ను మీరు చదవకండి, ఆయన్నే చదవమనండి. మీరు చదివితే అవతలివాళ్లు ‘ఆ, అదే’ అనేస్తారు. ఆయన చదివితే మీకొచ్చిన మెసేజ్‌తో మీరు పోల్చుకోవచ్చు.

రెండోది, పేరు చూసుకోండి. బ్యాంకు యాప్‌లోనో యూపీఐలోనో కనిపించే పేరు, అగ్రిమెంట్‌లో ఉన్న పేరు పక్కపక్కన పెట్టి చూడండి. ఐఎఫ్‌ఎస్‌సీ కూడా కొంత చెబుతుంది. అందులో 11 అక్షరాలు, అంకెలు ఉంటాయి. మొదటి నాలుగు అక్షరాలు బ్యాంకును, చివరి ఆరు శాఖను సూచిస్తాయి. మధ్యలో సున్నా ఉంటుంది. ఆ కోడ్‌ను వెతికితే అది ఏ ఊరి శాఖో తెలుస్తుంది. ధర్మవరం దాటి ఎక్కడా ఉండని ఓనర్‌కు, ఎక్కడో ఈశాన్య రాష్ట్రంలోని శాఖలో కొత్త ఖాతా ఎందుకుంటుంది? ఇదొక్కటే మోసానికి రుజువు కాదు, కానీ ఇంకోసారి ఫోన్ చేయడానికి తగిన కారణం.

మూడోది, చిన్న మొత్తం పంపి చూడండి. ‘ముందు రూపాయి పంపి చూడు’ అనే సలహా మీరు వినే ఉంటారు. చాలామంది దీన్ని సగమే పాటిస్తారు. రూపాయి పంపగానే ‘సక్సెస్’ అని వస్తే సంతోషపడి మిగతా రూ.8,499 పంపేస్తారు. మోసగాడి ఖాతాకు పంపినా ‘సక్సెస్’ అనే వస్తుంది. ఆ ఖాతా పనిచేస్తోందని తప్ప అది ఎవరిదో ఆ రూపాయి చెప్పదు.

ఈ పరీక్షకు విలువ రావాలంటే ఇలా చేయండి. ఎంత పంపుతున్నారో చెప్పకుండా రూ.7 లాంటి మొత్తం పంపండి. తర్వాత పాత నంబర్‌కు ఫోన్ చేసి ‘ఎంత వచ్చింది సార్?’ అని అడగండి. ఆయన ఏడు అంటే ఖాతా ఆయన చూస్తున్నదే. ‘ఏమీ రాలేదే’ అంటే మీకు పోయింది ఏడు రూపాయలు, మిగిలింది ఎనిమిది వేలకు పైగా. వచ్చిన మెసేజ్ మోసమని అప్పుడే ఇంట్లో మిగతా పోర్షన్ల వాళ్లకూ చెప్పండి.

తేలకపోతే ఏం చేయాలి?

ఓనర్ ఫోన్ ఎత్తడం లేదు. ఐదో తేదీ దాటిపోతోంది. ఆలస్యమైతే మాట వస్తుందని మీ భయం. ఇలాంటప్పుడు పాత ఖాతాకే వేయండి.

ఎందుకో చూడండి. పాత ఖాతా ఇంకా నడుస్తుంటే డబ్బు ఓనర్‌కే చేరుతుంది. కొత్త ఖాతాలో వేసుకోవాలనుకుంటే ఆయనే మార్చుకుంటారు. పాత ఖాతా నిజంగా మూసేసి ఉంటే డబ్బు జమ కాదు, మీకే తిరిగొస్తుంది. నెఫ్ట్‌లో జమ చేయలేని డబ్బును అవతలి బ్యాంకు ఆ బ్యాచ్ ముగిసిన రెండు గంటల్లోగా వెనక్కి పంపాలి. యూపీఐలో మీ ఖాతా నుంచి డబ్బు తగ్గి అవతల జమ కాకపోతే, మరుసటి రోజుకల్లా తిరిగి జమ కావాలి. మీరు సకాలంలో అద్దె పంపారనడానికి ఆ లావాదేవీ నంబర్ మీ దగ్గర ఉంటుంది.

అంటే పాత ఖాతాకు వేసి పొరపడితే నష్టం ఒకటి రెండు రోజుల ఆలస్యం. నకిలీ ఖాతాకు వేసి పొరపడితే నెల అద్దె మొత్తం. ఏ వైపు పొరపడటం మేలో లెక్క మీకే తెలుస్తుంది. వేశాక ‘ధ్రువీకరణ అయ్యేదాకా పాత ఖాతాకే వేశాను, లావాదేవీ నంబర్ ఇది’ అని ఓనర్ పాత నంబర్‌కు ఒక మెసేజ్ పెట్టండి.

తప్పు ఖాతాకు వేస్తే అద్దె కట్టినట్టేనా?

మామూలుగా కాదు. ఆస్తి బదలాయింపు చట్టం (1882) సెక్షన్ 108 ప్రకారం అద్దెదారు అద్దెను యజమానికి గానీ, ఆయన తరఫున వసూలు చేసే ఏజెంటుకు గానీ చెల్లించాలి. మోసగాడు ఈ రెండూ కాదు. మీరు మంచి నమ్మకంతోనే పంపి ఉండవచ్చు, అయినా ఓనర్‌కు అద్దె అందలేదు. ఆయన మళ్లీ అడిగే హక్కుతో ఉంటారు.

అయితే ఓనర్ స్వయంగా చెప్పిన పద్ధతిలో చెల్లిస్తే బాధ్యత తీరుతుంది. భారత కాంట్రాక్టు చట్టం (1872) సెక్షన్ 50 చెప్పేది ఇదే. కాబట్టి ఖాతా మార్పు గురించి ఆయన రాసి సంతకం చేసిన కాగితం మీ దగ్గర ఉంటే అది మీకు రక్షణ. ఆయన బావమరిది ఖాతాకే వేయమని నిజంగా ఆయనే చెప్పినా సరే, ఆ మాట కాగితం మీద ఉండాలి. రేపు అన్నదమ్ముల మధ్య పేచీ వస్తే ‘నాకు అద్దె అందలేదు’ అన్న మాట మీ మీదికి రాకుండా ఉంటుంది.

ఇల్లు అమ్ముడుపోయిన సందర్భంలో అదే 1882 చట్టంలోని సెక్షన్ 109 అద్దెదారు పక్షాన ఒక మాట చెబుతుంది. ఇల్లు చేతులు మారిందని తెలియకుండా పాత ఓనర్‌కే అద్దె కడితే, అదే అద్దెను కొత్త ఓనర్‌కు మళ్లీ కట్టాల్సిన పనిలేదు. అందువల్ల ‘నేను మీ కొత్త ఓనర్‌ను, ఇకపై నాకు వేయండి’ అనే మెసేజ్‌కు కంగారు పడక్కర్లేదు. పాత ఓనర్ నుంచి కూడా ఆ మాట వచ్చేదాకా, రిజిస్ట్రేషన్ దస్తావేజు నకలు చూపించేదాకా ఆగవచ్చు. ఓనర్ చనిపోయి వారసులు తలో ఖాతా ఇస్తుంటే, అందరూ కలిసి సంతకం చేసిన ఒక లేఖ అడగండి.

మరి బ్యాంకు బాధ్యత మాటేమిటి? మీ ప్రమేయం లేకుండా ఖాతాలోంచి డబ్బు పోతే మూడు పనిదినాల్లోగా చెప్పినవారికి రక్షణ కల్పిస్తూ రిజర్వ్ బ్యాంకు 2017 జూలైలో నిబంధనలు తెచ్చింది. ఇక్కడ డబ్బు పంపింది మీరే, పిన్ కొట్టింది మీరే. అందువల్ల ఆ నిబంధనలు మీకు అక్కరకు రావడం కష్టం. బ్రిటన్‌లో ఇలా మోసపోయి తామే డబ్బు పంపినవారికి కూడా బ్యాంకులు 85 వేల పౌండ్ల వరకు తిరిగి ఇవ్వాలన్న నిబంధన 2024 అక్టోబర్ 7 నుంచి అమల్లో ఉంది. మన దగ్గర ఆ హామీ ఉందనుకుని పంపకండి. జాగ్రత్తంతా పంపకముందే.

ఓనర్లు ఖాతా మార్పును ఎలా తెలపాలి?

నిజాయితీగా ఖాతా మార్చుకున్న ఓనర్లు కూడా తెలియక మోసగాళ్ల మెసేజ్ లాంటిదే పంపుతుంటారు. నెల మొదట్లో, హడావిడిగా, ఒక్క వాట్సాప్ మెసేజ్‌తో సరి. దీనికి అలవాటు పడిన అద్దెదారులు రేపు నకిలీ మెసేజ్‌నూ అంతే మామూలుగా తీసుకుంటారు.

కొత్త ఖాతాకు అద్దె పడాల్సిన తేదీకి కనీసం మూడు వారాల ముందు కాగితం మీద రాసి, సంతకం చేసి, పోర్షన్ పోర్షన్‌కూ చేతికివ్వండి. మీరు వేరే ఊళ్లో ఉంటే కేర్‌టేకర్‌తో పంపి, ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెప్పండి. లేఖ ఇలా ఉంటే సరిపోతుంది:

“మా ఇంట్లో అద్దెకు ఉంటున్నవారికి తెలియజేయునది. నా పాత ఖాతా (చివరి నాలుగు అంకెలు ....) బదులుగా ...... తేదీ నుంచి అద్దెను నా పేరు మీదే ఉన్న కొత్త ఖాతాకు వేయగలరు. ఖాతాదారు పేరు: ...... బ్యాంకు, శాఖ: ...... ఖాతా నంబర్: ...... ఐఎఫ్‌ఎస్‌సీ: ...... మార్పుకు కారణం: ...... పాత ఖాతా మరో రెండు నెలలు నడుస్తుంది. పొరపాటున దానికి వేసినా అద్దె అందినట్టే. మొదటిసారి పంపే ముందు నా నంబర్ ......కు ఫోన్ చేసి సరిచూసుకోండి. ఈ లేఖలో లేని మరే ఖాతాకూ డబ్బు వేయమని నేను మెసేజ్ పెట్టను. అలా వస్తే నాకు చెప్పండి. సంతకం, తేదీ.”

ఇందులో రెండు మాటలు ముఖ్యం. పాత ఖాతాను కొన్నాళ్లు మూయకుండా ఉంచడం మొదటిది. అప్పుడు సందేహం ఉన్న అద్దెదారు నిశ్చింతగా పాతదానికే వేస్తాడు, మీకూ డబ్బు చేరుతుంది. సరిచూసుకోమని మీరే చెప్పడం రెండోది. ‘ఓనర్‌నే అనుమానిస్తున్నావా’ అనుకుంటారేమో అన్న మొహమాటంతోనే చాలామంది ఫోన్ చేయరు. ఆ మొహమాటం మీరే తీసేయాలి. పూర్తి ఖాతా నంబర్‌ను, క్యూఆర్ కోడ్‌ను గ్రూపుల్లో పెట్టకండి. ‘లేఖ ఇచ్చాను, చూసుకోండి’ అని మాత్రం పెట్టండి.

అద్దెదారులు కూడా యాప్‌లో ఒక పని మరిచిపోకూడదు. మార్పు ఖాయమయ్యాక పాత ఖాతాకు పెట్టిన ఆటోమేటిక్ చెల్లింపు ఉంటే ఆపేయండి. లేదంటే ఒకే నెలకు రెండుసార్లు అద్దె వెళ్తుంది.

ఇప్పటికే పంపేశారా?

సిగ్గుపడి, ఓనర్‌తో వాదించుకుంటూ, స్టేషన్‌కు వెళ్లాలా వద్దా అని ఆలోచిస్తూ ఒక రోజు గడిపితే ఆ రోజే మోసగాడికి కావలసింది. ఇలాంటి డబ్బు పడే ఖాతాలు ఎక్కువగా కమీషన్ కోసం వేరేవాళ్లు అద్దెకిచ్చినవే. పడిన డబ్బు నిమిషాల్లో ఇంకో ఖాతాకు, అక్కడి నుంచి మరోదానికి వెళ్లిపోతుంది.

అందుకే ముందు 1930కు ఫోన్ చేయండి. ఇది సైబర్ ఆర్థిక నేరాల జాతీయ హెల్ప్‌లైన్. ఎవరి ఖాతా నుంచి ఎవరి ఖాతాకు ఎంత, ఎప్పుడు వెళ్లిందో చెబితే ఆ సమాచారం బ్యాంకులకు వెళ్తుంది. డబ్బు ఇంకా ఎక్కడైనా ఉంటే అక్కడ ఆపుతారు. ఫోన్ చేసే ముందు లావాదేవీ నంబర్ దగ్గర పెట్టుకోండి. యూపీఐ అయితే 12 అంకెల రిఫరెన్స్ నంబర్, నెఫ్ట్ అయితే యూటీఆర్ నంబర్. వెబ్‌సైట్‌లో అయితే cybercrime.gov.in లో ఫిర్యాదు చేయవచ్చు. అదే సైట్‌లో అనుమానం ఉన్న ఫోన్ నంబర్, ఖాతా నంబర్, యూపీఐ ఐడీ మీద ముందే ఫిర్యాదులున్నాయేమో వెతికి చూసుకోవచ్చు. ఏమీ కనిపించకపోతే అది మంచి ఖాతా అని అర్థం కాదు, దాని మీద ఇంకా ఎవరూ ఫిర్యాదు చేయలేదని మాత్రమే.

తర్వాత మీ బ్యాంకుకు చెప్పి ఫిర్యాదు నంబర్ తీసుకోండి. మెసేజ్‌ను, నంబర్‌ను డిలీట్ చేయకండి, స్క్రీన్‌షాట్ తీసి ఉంచండి. ఓనర్‌కు పాత నంబర్‌లో చెప్పండి. ఆయన వాట్సాప్ వేరేవాళ్ల చేతిలో ఉంటే ఆయనకూ అప్పుడే తెలుస్తుంది. ఆపిన డబ్బు వెంటనే మీ ఖాతాలోకి రాదు, దానికి పోలీసు ప్రక్రియ ఉంటుంది. ఈలోగా అద్దె ఎలా సర్దుకోవాలో ఓనర్‌తో రాతపూర్వకంగా మాట్లాడుకోండి.

మోసం జరగకపోయినా, మెసేజ్ మాత్రం వచ్చి ఉంటే, కేంద్ర టెలికాం శాఖ సంచార్ సాథీ పోర్టల్‌లోని ‘చక్షు’ విభాగంలో ఆ నంబర్ మీద ఫిర్యాదు చేయవచ్చు. మీరు పట్టుకున్న నంబరే రేపు పక్క వీధిలోని వాళ్లకు మెసేజ్ పెట్టబోతుండవచ్చు.

ఈ నెల అద్దె పంపే ముందు ఒక్క పని చేయండి. మీ ఓనర్ పేరు బ్యాంకు రికార్డుల్లో ఎలా కనిపిస్తోందో చూసి అగ్రిమెంట్ వెనక రాసిపెట్టుకోండి. ఖాతా మారిందని ఎప్పుడైనా మెసేజ్ వస్తే దేనితో పోల్చి చూడాలో అప్పుడు మీ దగ్గర సిద్ధంగా ఉంటుంది.